రోడ్డు ప్రమాద మరణాలు: నేరపూరిత నిర్లక్ష్యం, అనుకోని ప్రమాదం మధ్య గీత ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

వాహనం తగిలి మనిషి చనిపోతే, నడిపినవారు నేరస్థులే అవుతారా?

కారు. చనిపోవడం ఎంత ఘోరమైన ఫలితమైనా, ఆ ఫలితం ఒక్కటే నేరాన్ని నిరూపించదు. నడిపిన వ్యక్తి ఆ క్షణంలో, అంతకు ముందు క్షణాల్లో ఎలా ప్రవర్తించాడన్నదే చట్టం అడిగే ప్రశ్న. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 18 ఈ సంగతిని సూటిగా చెబుతుంది. చట్టబద్ధమైన పనిని చట్టబద్ధమైన పద్ధతిలో, తగిన జాగ్రత్తతో చేస్తుండగా, నేర ఉద్దేశం గానీ నేరం జరుగుతుందన్న ఎరుక గానీ లేకుండా, దురదృష్టవశాత్తు ఒక హాని జరిగితే అది నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 80 చెప్పిందీ ఇదే.

అందులో బరువంతా ‘తగిన జాగ్రత్తతో’ అన్న మాట మీదే ఉంటుంది. ప్రతి కేసులోనూ వాదన చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది. చనిపోయినవారి ఇంటివాళ్లకు ‘అది ప్రమాదమే’ అన్న మాట అన్యాయంగా వినిపిస్తుంది, నడిపినవారికి ‘నేరం’ అన్న మాట అంతే అన్యాయంగా వినిపిస్తుంది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చేది కోపమో జాలో కాదు, సంఘటన స్థలంలో మిగిలిన ఆధారాలు.

ఏ సెక్షన్ కింద కేసు నమోదవుతుంది?

సంఘటన జరిగిన తేదీని బట్టి ఉంటుంది. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే భారత శిక్షాస్మృతి సెక్షన్ 304ఏ వర్తిస్తుంది. అందులో గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ జరిగినదైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) వర్తిస్తుంది. అందులో గరిష్ఠ శిక్ష ఐదేళ్ల జైలు, దానితోపాటు జరిమానా. విచారణ కొత్త చట్టం వచ్చాక జరుగుతున్నా సరే, పాత సంఘటనకు కొత్త చట్టంలోని పెద్ద శిక్ష వేయడానికి రాజ్యాంగంలోని 20వ అధికరణ ఒప్పుకోదు.

ఈ నేరంలో పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, అయితే బెయిలు హక్కుగా లభిస్తుంది. విచారణ ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు కోర్టులో జరుగుతుంది. దీనికి తోడుగా, బహిరంగ మార్గంలో ప్రాణాలకు ముప్పు కలిగేలా వాహనం నడిపినందుకు సెక్షన్ 281ను, ఇంకెవరికైనా గాయాలైతే సెక్షన్ 125ను కూడా సాధారణంగా చేరుస్తారు.

దూకుడుగా నడపడం, నిర్లక్ష్యంగా నడపడం ఒకటేనా?

వార్తల్లోనూ ఫిర్యాదుల్లోనూ ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాటలు జంటగా రావడం వల్ల రెండూ ఒకటే అనిపిస్తాయి. చట్టంలో మాత్రం ‘దూకుడుగా లేదా నిర్లక్ష్యంగా’ అని ఉంది. ఆ ‘లేదా’కు విలువ ఉంది, ఎందుకంటే రెండింటిలో మనసు పనిచేసే తీరు వేరు.

ఈ తేడాను 1872లోనే మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి హాలోవే నిడమర్తి నాగభూషణం కేసులో వివరించారు. ఆ నిర్వచనాన్ని కోర్టులు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నాయి. దాని సారాంశం ఇది: తన పని వల్ల హాని జరగవచ్చని తెలిసి కూడా, జరగదులే అన్న ఆశతో, దాన్ని ఆపడానికి తగినంత జాగ్రత్త తీసుకున్నానన్న నమ్మకంతో ముందుకు వెళ్లడం దూకుడు. హాని జరగవచ్చన్న స్పృహే లేకపోయినా, కాస్త జాగ్రత్త పాటించి ఉంటే ఆ స్పృహ కలిగి ఉండేదని పరిస్థితులు చెబుతుంటే అది నిర్లక్ష్యం.

మలుపులో ఎదురుగా ఏమొస్తుందో కనిపించకపోయినా, ‘ఎవరూ రారులే’ అనుకుని ముందున్న లారీని దాటబోయినవాడిది దూకుడు. అతనికి ముప్పు తెలుసు, అదృష్టాన్ని నమ్ముకున్నాడు. ఫోన్‌లో వచ్చిన సందేశం చదువుతూ ఎదుట మనిషి ఉన్నాడని గమనించనివాడిది నిర్లక్ష్యం. అతను ముప్పును లెక్కలోకే తీసుకోలేదు. శిక్ష విషయంలో రెండూ ఒకే సెక్షన్ కిందికి వస్తాయి. కానీ నిరూపించాల్సిన విషయాలు మారతాయి కాబట్టి, ఏది ఆరోపిస్తున్నారో అభియోగపత్రంలో స్పష్టంగా ఉండాలి. అది లేని అభియోగపత్రాలు చాలా ఎక్కువ.

పరిహారం చెల్లించాల్సిన నిర్లక్ష్యానికీ, జైలుకు పంపే నిర్లక్ష్యానికీ తేడా ఉందా?

ఉంది, అది మోతాదులో ఉంది. చిన్న పొరపాటు అంచనా కూడా పరిహారానికి కారణం కావచ్చు. కానీ నేరంగా పరిగణించాలంటే నిర్లక్ష్యం అంతకంటే చాలా ఎక్కువ స్థాయిలో ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో విపులంగా చర్చించింది. అది వైద్యుల నిర్లక్ష్యానికి సంబంధించిన కేసే అయినా, సివిల్ బాధ్యతకూ నేర బాధ్యతకూ మధ్య గీతను వివరించిన తీరు ఇక్కడా పనికొస్తుంది. జాగ్రత్తపరుడైన సాధారణ డ్రైవరు అదే పరిస్థితిలో ఏం చేసేవాడన్నది మొదటి కొలత. అతని నుంచి ఈ వ్యక్తి ఎంత దూరం జరిగాడన్నది రెండో కొలత.

వేగంగా వెళ్లాడని రుజువైతే చాలదా?

ఒక్క ఆ మాటతో చాలదు. 1998లో కర్ణాటక రాష్ట్రం, సతీష్ మధ్య నడిచిన కేసులో ఒక లారీ బోల్తాపడి పలువురు చనిపోయారు. సాక్షులు ‘చాలా వేగంగా నడిపాడు’ అన్నారు. వేగం అన్నది సాపేక్షమైన మాట అనీ, ఆ ఒక్క మాటే దూకుడునో నిర్లక్ష్యాన్నో సూచించదనీ, సాక్షి దృష్టిలో వేగమంటే ఏమిటో ప్రాసిక్యూషన్ కోర్టు ముందుకు తేవాలనీ చెబుతూ సుప్రీంకోర్టు నిర్దోషిత్వాన్ని నిలబెట్టింది. లారీ బోల్తాపడింది కాబట్టి డ్రైవరు తప్పే అయి ఉంటుందన్న ఊహను క్రిమినల్ కేసులో సులువుగా ఒప్పుకోలేమన్నది కూడా ఆ తీర్పులో ఉంది.

సాక్షి బోనులో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుందో చూడండి.

“కారు ఎంత వేగంతో వచ్చింది?”

“చాలా స్పీడుగా వచ్చిందండి.”

“అది వస్తున్నప్పుడు మీరు ఎటు తిరిగి ఉన్నారు?”

“దుకాణంలో డబ్బులిస్తున్నానండి.”

“అంటే చప్పుడు విన్నాకే తల తిప్పారు?”

“అవునండి.”

ఆ సాక్షి అబద్ధం చెప్పలేదు. చప్పుడును, చనిపోయిన మనిషిని చూసి వేగాన్ని ఊహించుకున్నాడు, మనమైనా అదే చేస్తాం. కానీ ఈ మూడు జవాబులతో వేగం గురించిన సాక్ష్యం మొత్తం కూలిపోతుంది.

అలాగని వేగం అప్రస్తుతమని కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు మొత్తం 28 మీటర్లలో ఆగుతుంది. అదే 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 25 మీటర్లు, ఆగడానికి దాదాపు 70 మీటర్లు. వేగం రెట్టింపైనా కాలేదు, ఆగే దూరం మాత్రం రెండున్నర రెట్లు అయింది. విశాలమైన ఖాళీ రహదారిలో 90 తప్పు కాకపోవచ్చు. బడి ముందు, జనం నడిచే చోట 40 కూడా దూకుడే కావచ్చు. వేగాన్ని ఆ చోటుతో, ఆ సమయంతో, కనిపించే దూరంతో కలిపి చూపించినప్పుడే అది సాక్ష్యమవుతుంది.

ఒక ఉదాహరణతో గీత ఎక్కడ పడుతుందో చూపించగలరా?

ఇది కల్పిత ఉదాహరణ, అంకెలు సుమారు అంకెలు. ఊరి పరిధిలో ఏడు మీటర్ల వెడల్పున్న, మధ్య విభాగిని లేని రోడ్డు. వేగ పరిమితి 50 అని బోర్డు ఉంది. రాత్రి ఎనిమిది గంటలు, వీధి దీపాలు వెలుగుతున్నాయి, రోడ్డు తిన్నగా, పొడిగా ఉంది. ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ కారు డ్రైవరుకు కుడివైపున ఉన్న అంచు నుంచి ఎడమవైపుకు దాటుతున్నాడు. ఐదున్నర మీటర్లు దాటాక కారు తగిలింది, ఆయన చనిపోయాడు. ‘హఠాత్తుగా అడ్డం వచ్చాడు’ అని డ్రైవరు చెప్పాడు.

పంచనామా సరిగ్గా రాస్తే ఈ మాటను పరీక్షించవచ్చు. సైకిలు నడిపించుకుంటూ వెళ్లే పెద్దవాడు సెకనుకు సుమారు 1.1 మీటర్లు నడుస్తాడు. ఐదున్నర మీటర్లకు ఐదు సెకన్లు. అంటే తగలడానికి ముందు ఆయన ఐదు సెకన్లు రోడ్డు మీదే, దీపాల వెలుతురులో, ఏ అడ్డూ లేకుండా కనిపిస్తూ ఉన్నాడు. కారు 90 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకున్నా, ఆయన రోడ్డు మీద అడుగు పెట్టిన క్షణంలో అది 125 మీటర్ల దూరంలో ఉంది. ఆగడానికి 70 మీటర్లు చాలు. ఆయన సగం రోడ్డు దాటే వరకు ఎదురు చూడకుండా, మొదటి సెకనులోనో రెండో సెకనులోనో బ్రేకు వేసినా సరిపోయేది. కానీ స్థలంలో టైరు ఈడ్చిన గుర్తులు తగిలిన చోటుకు ఆరు మీటర్ల ముందు మాత్రమే మొదలయ్యాయి. ఫోన్ కంపెనీ రికార్డులో ఆ నిమిషంలో ఒక కాల్ నడుస్తోంది. ఇప్పుడు చిత్రం స్పష్టమైంది. అసలు తప్పు వేగం కంటే కూడా చూడకపోవడం. ఇది నేరపూరిత నిర్లక్ష్యమనడానికి గట్టి ఆధారం ఉంది.

ఇక ఒక్క విషయం మార్చి చూద్దాం. ఆ పెద్దాయన ఎడమ అంచున నిలిపి ఉన్న లారీ ముందు నుంచి రోడ్డు మీదికి వచ్చాడు. లారీ చాటు దాటి కారు దారిలోకి చేరడానికి ఆయనకు 1.3 సెకన్లు పట్టింది. కారు 50లోనే ఉంది. ఆయన కంటబడిన క్షణంలో కారు 18 మీటర్ల దూరంలో ఉంది. అందులో 14 మీటర్లు డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపే గడిచిపోతాయి. మిగిలిన నాలుగు మీటర్లలో ఎంత గట్టిగా బ్రేకు వేసినా కారు 40కి పైగా వేగంతోనే తగులుతుంది. ఎంతటి జాగ్రత్తపరుడికైనా అది తప్పించలేనిది. ఇది ప్రమాదం.

మూడో రూపమే అన్నిటికంటే కష్టమైనది. అదే లారీ, అదే 1.3 సెకన్లు, కానీ కారు 90లో ఉంది. ఆయన కంటబడినప్పుడు కారు 32 మీటర్ల దూరంలో ఉంది. 90లో అది చాలదు. అదే దూరంలో కారు 50లో ఉండి ఉంటే 28 మీటర్లలో ఆగిపోయేది, మనిషి బతికేవాడు. డ్రైవరు కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, బ్రేకు కూడా వెంటనే వేశాడు. అయినా తాను ఎంచుకున్న వేగమే ఆ మరణానికి కారణమైంది. ఊరి పరిధిలో, బోర్డు ఉండగా, చాటైన చోటు పక్క నుంచి 90లో వెళ్లడం దూకుడేనని నా అభిప్రాయం. అయితే ఈ 90 అన్న అంకెను ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి, కేసు నిలిచేదీ వీగేదీ దాని మీదే.

మనిషి నిజంగానే హఠాత్తుగా అడ్డం వస్తే కోర్టులు ఏమంటున్నాయి?

1979లో సయ్యద్ అక్బర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ ప్రశ్నకు మంచి సమాధానం. ఒక చిన్నారి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తగా, బస్సు డ్రైవరు తప్పించబోయి బస్సును కుడివైపుకు తిప్పాడు. అయినా పాప చనిపోయింది. బస్సు ఉండకూడని వైపున ఉండటమే నిర్లక్ష్యానికి రుజువని వాదన. జరిగిన సంఘటనే తప్పును చెబుతుందన్న సూత్రాన్ని క్రిమినల్ కేసులో ముద్దాయి మీదికి రుజువు భారం నెట్టేందుకు వాడకూడదని కోర్టు తేల్చింది. పాపను కాపాడాలన్న ప్రయత్నంలో రెప్పపాటులో తీసుకున్న నిర్ణయం తప్పైనా, అది అంచనాలో పొరపాటే అవుతుంది గానీ నేరపూరిత నిర్లక్ష్యం కాదని డ్రైవరును నిర్దోషిగా విడుదల చేసింది.

దీన్ని అతిగా సాగదీయకూడదు. బడి గంట కొట్టే వేళ పిల్లలు పరుగెత్తుతారన్నది హఠాత్తుగా తెలిసే విషయం కాదు. పిల్లలున్నట్టు కనిపిస్తున్న చోట నెమ్మదించనివాడు ‘అడ్డం వచ్చారు’ అన్నా, ముందే ఊహించాల్సిన దాన్ని ఊహించలేదన్నది అతని మీదికే వస్తుంది.

బ్రేకు ఫెయిలైంది, టైరు పేలింది, నిద్ర పట్టేసింది అంటే తప్పించుకోవచ్చా?

ఇక్కడ చూడాల్సింది ఆఖరి క్షణాన్ని కాదు, దానికి ముందు గంటలను. బ్రేకు ఫెయిలైందన్న వాదనను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, అంటే జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే అధికారి, వాహనాన్ని తనిఖీ చేసి ఇచ్చే నివేదిక నిలబెడుతుంది లేదా కూలుస్తుంది. ముందస్తు సూచన ఏదీ లేకుండా బ్రేకు పైపు ఒక్కసారిగా తెగిందని తేలితే అది ప్రమాదం వైపు మొగ్గుతుంది. బ్రేకు సరిగా పట్టడం లేదని మూడు రోజులుగా తెలిసీ బండి తీశాడంటే అది దూకుడు. అరిగిపోయి నున్నగా మారిన టైరు పేలితే, పేలడం అనుకోనిదే అయినా ఆ టైరుతో బయల్దేరడం అనుకోనిది కాదు.

నిద్ర విషయమూ ఇంతే. నిద్రలో ఉన్నవాడికి స్పృహ ఉండదు కాబట్టి తప్పు లేదన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ కునుకు చెప్పకుండా రాదు, కళ్లు మూతపడటం, బండి గీత దాటడం ముందే మొదలవుతాయి. ఆ సూచనలు వచ్చాక కూడా బండి ఆపకపోవడమే నిర్లక్ష్యం. దీనికి భిన్నంగా, అంతకుముందెప్పుడూ లేని గుండెపోటు స్టీరింగు దగ్గరే వస్తే అది ఎవరూ ముందుగా ఊహించగలిగింది కాదు.

చనిపోయిన వ్యక్తి తప్పు కూడా ఉంటే?

క్రిమినల్ కేసులో ‘ఆయన తప్పూ ఉంది’ అన్నది దానంతట అదే రక్షణ కాదు. హెల్మెట్ పెట్టుకోలేదనో, జీబ్రా గీతల మీద దాటలేదనో చెప్పి నేరాన్ని సగం చేయలేరు. అయితే ఆ ప్రవర్తన మరో ప్రశ్నకు సమాధానం ఇవ్వగలదు: మరణానికి నేరుగా దారితీసిన కారణం ఏది? ముద్దాయి చేసిన పనికీ మరణానికీ మధ్య సంబంధం నేరుగా ఉండాలని, ఆ పని పరోక్షంగా తోడ్పడితే చాలదని 1965లో కుర్బాన్ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేకుండా నడపడం ఇందుకు మంచి ఉదాహరణ. అది వేరే నేరం, దానికి వేరే శిక్ష ఉంది. కానీ లైసెన్సు లేకపోవడం వల్ల మనిషి చనిపోడు, నడిపిన తీరు వల్ల చనిపోతాడు. ఆ తీరును విడిగా రుజువు చేయాల్సిందే.

తాగి నడిపి చంపితే అది కూడా నిర్లక్ష్యమేనా?

పరిస్థితిని బట్టి అంతకంటే పెద్ద నేరం కావచ్చు. తన పని వల్ల మరణం సంభవించే అవకాశం ఉందని తెలిసి చేస్తే అది హత్య కాని నరహత్య. న్యాయ సంహిత సెక్షన్ 105 కింద, ఉద్దేశం లేకుండా ఎరుక మాత్రమే ఉన్నా పదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత చట్టంలో ఇది సెక్షన్ 304 రెండో భాగం. ఈ కేసు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది, బెయిలు హక్కుగా రాదు.

2006 నవంబరులో ముంబైలో పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న కూలీల మీదికి కారు దూసుకెళ్లి ఏడుగురు చనిపోయారు. నడిపిన వ్యక్తి మద్యం తాగి ఉన్నాడు. కింది కోర్టు సెక్షన్ 304ఏ కింద ఆరు నెలల జైలు విధించింది. హైకోర్టు దాన్ని 304 రెండో భాగంగా మార్చి మూడేళ్లకు పెంచింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మద్యం తాగి, అదుపు లేకుండా, జనం ఉంటారని తెలిసిన చోట నడిపినవాడికి ప్రాణాలు పోవచ్చన్న ఎరుకను ఆపాదించవచ్చన్నది అక్కడి తర్కం.

అయితే మద్యం ఉన్న ప్రతి కేసూ ఈ స్థాయికి వెళ్లదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. ఆ గీత దాటడం ఒక నేరమే గానీ, చనిపోతారన్న ఎరుక ఉందనడానికి అదొక్కటే చాలదు. ఎంత తాగాడు, ఎక్కడ నడిపాడు, ఎవరైనా హెచ్చరించారా, మొదటి దెబ్బ తగిలాక ఆగాడా అన్నవన్నీ కలిపి చూస్తారు. రక్త నమూనా తీయడం ఆలస్యమైతే ఆల్కహాలు తగ్గిపోతూ ఉంటుంది, కాబట్టి మొదటి కొన్ని గంటల్లో జరిగే ఆలస్యం కేసు స్వరూపాన్నే మార్చేస్తుంది.

ఆగకుండా వెళ్లిపోతే నిర్లక్ష్యం రుజువైనట్టేనా?

కాదు. పారిపోవడం గుంపు భయంతో కూడా జరుగుతుంది, అందుకని అది నడిపిన తీరుకు రుజువు కాదు. కానీ అది విడిగా ఒక తప్పు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు సమాచారం ఇవ్వడం డ్రైవరు బాధ్యత. గుంపు కోపం వంటి కారణాలతో అక్కడ ఉండటం సాధ్యం కాకపోతే ఆ చట్టమే వెసులుబాటు ఇస్తుంది గానీ, దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పడం మానేయడానికి మాత్రం కాదు.

న్యాయ సంహితలో సెక్షన్ 106(2) అని ఇంకొకటి ఉంది. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమై, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అని అది చెబుతుంది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశవ్యాప్తంగా ఆందోళన చేశాక, జూలై 1న మిగతా సంహితను అమల్లోకి తెస్తూ ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు. ‘పారిపోతే పదేళ్లు’ అన్న మాట విని ఎవరైనా ఈ సెక్షన్ పేరు చెబితే, దాన్ని అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ వచ్చిందో లేదో ముందు చూడాలి.

నిజంగా తప్పు చేసినవారి మీద కేసులు ఎందుకు వీగిపోతాయి?

నాకు బాగా బాధ కలిగించే ప్రశ్న ఇది, ఎందుకంటే కారణాలు చాలావరకు మొదటి రోజునే పుడతాయి. మొదటిది, నడిపింది ఎవరో రుజువు కాకపోవడం. బండి ఎవరిదో తెలుస్తుంది, స్టీరింగు ఎవరి చేతిలో ఉందో తెలియదు. చూసిన సాక్షి ముద్దాయిని అంతకుముందు ఎరగడు, గుర్తింపు పరేడు పెట్టరు, రెండేళ్ల తరువాత కోర్టులో ‘ఈయనేనండి’ అంటే దానికి బలం ఉండదు. బండి యజమాని నుంచి డ్రైవరు వివరాలు రాతపూర్వకంగా రాబట్టే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద ఉంది, దాన్ని వెంటనే వాడాలి.

రెండోది, స్కెచ్. బండి, మృతదేహం, తగిలిన చోటు, టైరు గుర్తులు రోడ్డు అంచు నుంచి ఎన్ని మీటర్లలో ఉన్నాయో రాయకుండా ఒక గీత, ఒక గుండ్రం గీసి వదిలేస్తే, పైన చెప్పిన లెక్క ఏదీ ఎవరూ వేయలేరు. రోడ్డు మీది గుర్తులు ఒక వానకు చెరిగిపోతాయి. చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు వ్యవస్థ ఉన్న కార్లలో గుర్తులు చాలా పలుచగా పడతాయి, ఒక్కోసారి పడవు కూడా. కాబట్టి ‘గుర్తులు లేవు’ అంటే ‘బ్రేకు వేయలేదు’ అని రాసేయడం తప్పు. అలాంటప్పుడు దారిలోని కెమెరాల దృశ్యాలు అవసరం. చాలా కెమెరాల్లో పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డవుతాయి కాబట్టి వాటిని రోజుల్లోనే సేకరించాలి.

మూడోది, ముందే చెప్పిన ఆ జంట మాటలు. ఫిర్యాదులో ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అని రాసి ఊరుకోకుండా, బండి ఏ వైపు నుంచి వచ్చింది, గీత దాటిందా, హారన్ వినిపించిందా, తగిలాక ఎంత దూరం వెళ్లి ఆగింది అన్నవి రాస్తే ఆ ఫిర్యాదు విలువే మారిపోతుంది. చూసినవాళ్లు తాము చూసినదే చెప్పాలి. చూడనిదాన్ని కలిపితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో చూసినది కూడా పోతుంది.

ముద్దాయి నిర్దోషిగా బయటపడితే కుటుంబానికి పరిహారం రాదా?

వస్తుంది, రావచ్చు. క్రిమినల్ కోర్టు సందేహానికి తావు లేని రుజువు కోరుతుంది. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తుంది. అందుకే ఒకే సంఘటనలో డ్రైవరు విడుదల కావడం, ట్రిబ్యునల్ అతని నిర్లక్ష్యాన్ని నిర్ధారించడం రెండూ జరగవచ్చు, అందులో వైరుధ్యం లేదు. తప్పు ఎవరిదో నిరూపించకుండానే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద మరణానికి ఐదు లక్షల రూపాయలు కోరే దారి కూడా ఉంది. గుర్తు తెలియని వాహనమైతే హిట్ అండ్ రన్ పథకం కింద రెండు లక్షలు వస్తాయి. మృతుడి తప్పు కూడా ఉందని తేలితే, సెక్షన్ 166 కింద వేసిన దావాలో ఆ వాటా మేరకు మొత్తం తగ్గుతుంది.

కుటుంబంతో రాజీ పడితే కేసు పోతుందా?

మేజిస్ట్రేటు కోర్టులో రాజీ చేసుకోగల నేరాల జాబితాలో ఇది లేదు. ఇంటివాళ్లు డబ్బు తీసుకుని సంతకం పెట్టినంత మాత్రాన కేసు ముగియదు. పైగా దూకుడుగా నడిపి ప్రాణం తీసిన కేసుల్లో జైలుకు బదులు సత్ప్రవర్తన హామీ మీద విడిచిపెట్టడం తగదని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బండి నడిపింది మైనరైతే?

మైనరు విషయం బాల న్యాయ మండలి చూస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఏ ప్రకారం సంరక్షకుడు లేదా బండి యజమాని కూడా దోషి అవుతాడు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడనో, ఆపడానికి తగినంత ప్రయత్నం చేశాననో ఆ పెద్దవారు రుజువు చేసుకోవాలి. ఇక్కడ రుజువు భారం వారి మీదే ఉంది. తాళాలు ఎప్పుడూ అందుబాటులో ఉండేవని, అంతకుముందు కూడా ఆ పిల్లవాడు అదే బండి నడిపేవాడని పొరుగువారు చెబితే ఆ రుజువు నిలవడం కష్టం.